షుగర్ క్యాంపు ఫ్లెక్సీ మీద ఏం రాయాలె

బిడ్డా,

దేవరకొండ దిక్కు మీరు పెట్టే ఉచిత షుగర్ క్యాంపుకు రాసిన మాట చదివిన. "మధుమేహ రహిత సమాజమే మన ధ్యేయం - ఉచిత మధుమేహ నిర్ధారణ శిబిరం" అని రాసినవ్. తప్పేం లేదు గానీ, 45 ఏండ్ల రైతు దీన్ని చూసి బండి ఆపడు. ఆయన నోట్ల ఉన్నది షుగర్, మధుమేహం కాదు. సమాజం సంగతి తర్వాత, ఈ మాట తనకేనని ఆయనకు తెలువాలె.

"నిర్ధారణ" అన్న మాట కూడా తీసెయ్. వేలికి సూది గుచ్చి గ్లూకోమీటర్‌లో చూసేది అనుమానం ఉన్నోళ్లను ఏరడానికే. పరగడుపున 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో మళ్లీ చూసినంకనే డాక్టరు షుగర్ అని చెప్తడు. ఫ్లెక్సీ మీద నిర్ధారణ అని రాస్తే, క్యాంపులో మంచిగ వచ్చినోళ్లు ఇగ జన్మల చూపించుకోరు, ఎక్కువ వచ్చినోళ్లు అక్కడనే కూలబడుతరు. "పరీక్ష" అను, చాలు.

అసలు ఎవరు రావాలె? షుగర్ ఉండి కూడా ఆ సంగతి తెల్వనోళ్లు. "షుగర్ రోగులారా, రండి" అంటే పదేండ్ల నుంచి గోలీలు మింగేటోళ్లే లైన్ కడుతరు. "దాహమా? తిమ్మిర్లా? మానని పుండా?" అని రాస్తే, అవేవీ లేనోడు తనకు కాదనుకొని పోతడు. ఈ బీమారి చానామందిలో ఏండ్ల తరబడి ఏ గుర్తూ చూపకుండనే ఉంటది. కోసేసిన కాలు బొమ్మ అసలే పెట్టకు. భయపడ్డోడు క్యాంపుకు రాడు, ఆ తొవ్వ వదిలి ఇంకో తొవ్వల పోతడు.

అందుకని పై మాట ఇట్ల పెట్టు:

"నలభై దాటిందా?
నొప్పి లేదంటే షుగర్ లేదని కాదు!"

ఒకసారి బయటికి చదువు. ఆటో మైకులో కూడా ఇదే మాట పోవాలె గదా, ఊపిరి తిప్పకుండ వస్తున్నదా చూడు. మన దగ్గర నొప్పి ఉంటేనే దవాఖానకు పోతరు. ఆ అలవాటునే ఈ మాట పట్టుకుంటది. దాని కింద: "వేలికొన నుంచి ఒక్క చుక్క రక్తం. పైస ఖర్చు లేదు."

పైసలిచ్చే దాతలు "షుగర్ శాశ్వతంగా నయం" లాంటి మాట కలపమంటే ఒప్పుకోకు. షుగర్‌ను నయం చేస్తమని మందులకు ప్రకటన చెయ్యడాన్ని 1954 చట్టమే వద్దంటది. అయినా క్యాంపు చేసేది పరీక్షనే గదా.

నువ్వు అసలే రాయనిది ఒకటుంది, నాకు ఎక్కువ బాధ దాని గురించే. పరగడుపు. "పరగడుపున రాగలరు" అంటే మనోళ్లకు అన్నం తినొద్దనే అర్థం. చాయ్ తాగి వస్తరు. చక్కెర వేసిన చాయ్ కడుపుల పడ్డంక వచ్చిన అంకెకు ఆ 126 లెక్క పనికిరాదు. అందుకే విడమరిచి రాయి: "రాత్రి 9 లోపు అన్నం తినండి. పొద్దున చాయ్ కూడా వద్దు. మంచినీళ్లు తాగొచ్చు." కనీసం 8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలె. టైం 6:30 నుంచి 9 దాకా పెట్టు. పత్తి ఏరబోయే ఆడోళ్లు పనికి పోయే ముందు వచ్చి పోతరు, ముసలోళ్లకు కండ్లు తిరగవు. చాయ్ తాగి వచ్చినోళ్లను తిప్పి పంపకండి, చీటీ మీద "తిన్నంక" అని రాసి చూడండి. ఇప్పటికే గోలీలు, ఇన్సులిన్ వాడేటోళ్లకు మాత్రం ఆశా కార్యకర్తతో ఇంటికాడనే చెప్పించు. తినకుండ మందు వేసుకొని వస్తే షుగర్ పడిపోతది.

అక్షరం సంగతి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని లెక్క పెట్టుకో. రోడ్డుకు 40 అడుగుల అవతల కట్టే ఫ్లెక్సీకి పై మాట 4 అంగుళాలకు తగ్గొద్దు. 6 అడుగులు బై 4 అడుగుల ఫ్లెక్సీలో ఆ రెండు లైన్లు హాయిగ పడుతయ్, దాతల ఫొటోలు కింద ఒక వరుసకు ఆపితేనే. లైన్ల నడుమ ఎడం ఎక్కువ ఇయ్యమను, లేకుంటే పై లైను వత్తులు కింది లైను గుడులను తాకుతయ్. చేతికిచ్చే కరపత్రంలో అక్షరం ఇంకా జాగ్రత్త. నలభై దాటినోళ్లకు దగ్గరి చూపు మందగిస్తది, చత్వారం అద్దాలు జేబుల ఉండవు.

ఫోన్‌లో పంపిన తెలుగు, డీటీపీ షాపోళ్లు వాడే "అను" అనే ఫాంట్లకు నేరుగా ఎక్కదు, వాళ్లు మళ్లీ కొడుతరు. తప్పులు అక్కడనే దూరుతయ్. ప్రింటుకు పోయే ముందు ఫొటో నాకు పంపు. తేదీ, వారం కలుస్తున్నయో లేదో క్యాలెండర్ పక్కన పెట్టుకొని చూస్త.