ఒక్క శాతమే రిస్క్ అంటున్నాడు, రెండు లక్షలు ఇవ్వొచ్చా?

"సార్, మాది గుంటూరు. మావాడు బీటెక్ ఫైనల్ ఇయర్. ఉద్యోగం వద్దు, కరెన్సీ ట్రేడింగ్ చేస్తానంటున్నాడు. ట్రేడ్‌కి ఒక్క శాతమే రిస్క్ కాబట్టి డబ్బు పోదంటాడు. అసలు డబ్బు పెట్టకుండా ఎనిమిది నెలలు చేసిన పేపర్ ట్రేడింగ్ షీట్ జత చేశాను. నెలకి ఇరవై వేలు వచ్చినా చాలు. రెండు లక్షలు ఇవ్వమంటారా, ఎంబీఏ ఫైనాన్స్‌లో చేర్పించమంటారా?"

షీట్ మొత్తం చూశాను సార్. ముందు మీరు కంగారు తగ్గించుకోండి, మీవాడు జూదంలో పడ్డ పిల్లాడిలా లేడు, లెక్క రాసుకుని ఆడేవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. కానీ "డబ్బు పోదు" అన్నది మాత్రం తప్పు. ఒక్క శాతం రూల్ పోకుండా ఆపదు, మెల్లగా పోయేలా చేస్తుంది, అంతే.

అతని మొదటి ట్రేడే చూడండి. ఖాతాలో లక్ష, అందులో ఒక్క శాతం వెయ్యి రూపాయలు. డాలర్-రూపాయి ఫ్యూచర్స్‌లో, అంటే ముందు తేదీకి డాలర్లని ఇప్పుడే ఖాయం చేసిన రేటుకి కొనే, అమ్మే ఒప్పందాల్లో, లాట్ అంటే 1000 డాలర్లు, అంటే రేటు ఒక్క పైసా కదిలితే లాట్‌కి పది రూపాయలు. రేటు ఎదురు తిరిగితే ఇక్కడ బయటికి వచ్చేయాలి అని ముందే పెట్టే స్టాప్‌లాస్ 25 పైసల దూరంలో పెట్టాడు కాబట్టి లాట్‌కి పోయేది 250, వెయ్యిని దాంతో భాగిస్తే నాలుగు లాట్లు. నాలుగే పెట్టాడు, శభాష్. బ్రోకర్ దగ్గర ముందుగా ఉంచాల్సిన మార్జిన్ లాట్‌కి రెండుమూడు వేలే కాబట్టి ఆ లక్షతో ముప్ఫై లాట్లు కూడా కొననిస్తారు, అప్పుడు అదే 25 పైసలకి 7,500 ఎగిరిపోయేది. ఎన్ని కొననిస్తారన్నది కాదు, తప్పయితే ఎంత పోతుందన్నది చూసి సైజు పెట్టాలి, ఆ సంగతి మీవాడికి తెలుసు. వరసగా పది ఓడినా ఒక్క శాతం వాడి దగ్గర లక్షకి తొంభై వేల చిల్లర ఉంటుంది, పది శాతం పెట్టేవాడికి ముప్పై అయిదు వేలు కూడా మిగలదు.

ఇప్పుడు మూడో నెల చూడండి. ఖాతా లక్ష దగ్గర ఉండగా నాలుగు లాట్ల ట్రేడ్ ఓడింది, తర్వాత మూడు లాట్లది, మళ్లీ మూడు లాట్లది, అన్నీ అదే 25 పైసల స్టాప్. ఖాతా తగ్గితే శాతం కూడా తగ్గుతుంది, 99,000లో ఒక్క శాతం 990, దాన్ని 250తో భాగిస్తే 3.96 వస్తుంది, కిందికి దించి మూడే పెట్టాలి, అదీ సరిగ్గానే చేశాడు. ఖాతా 97,500కి వచ్చింది. తర్వాతి ట్రేడ్‌కీ మూడే రావాలి, కానీ పన్నెండు లాట్లు ఉంది! పైగా అది గెలిచింది, మూడు వేలొచ్చి ఖాతా 1,00,500 అయింది, నెల చివర పచ్చగా కనపడింది కాబట్టి ఎవరూ అడగలేదు. నాకు భయం వేసింది ఆ గెలుపు చూసే. పేపర్ మీదే ఇలా ఉంటే సొంత డబ్బుతో ఎలా ఉంటుంది?

ఇక మిమ్మల్ని ఒక మాట అనాలి, ఏమీ అనుకోవద్దు. "నెలకి ఇరవై వేలొచ్చినా చాలు" అన్నారు చూశారా, ఆ రూల్‌ని విరగ్గొట్టేది ఆ మాటే. రెండు లక్షల్లో ఒక్క శాతం రెండు వేలు, అంటే పోయినవన్నీ తీసేశాక కూడా రిస్క్ పెట్టినదానికి పది రెట్లు ప్రతి నెలా మిగలాలి. ఇరవయ్యో తారీఖుకి నాలుగు వేలే వస్తే వాడేం చేస్తాడు? పన్నెండు లాట్లు పెడతాడు. ఇంటిఖర్చు చిన్న ఖాతా మీద వేస్తే ఎంత బుద్ధిమంతుడైనా సైజు పెంచుతాడు సార్, రూల్ తెలియక కాదు.

స్టాప్ కూడా గ్యారంటీ కాదు. 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంక్ యూరో 1.20 ఫ్రాంకుల కిందికి పడకుండా చూస్తానన్న కట్టుబాటు ఉన్నట్టుండి వదిలేసినప్పుడు స్టాప్‌లు పెట్టిన రేటుకి కాకుండా ఎంతో దూరాన అమలయ్యాయి, కొందరి ఖాతాలు మైనస్‌లోకి పోయాయి.

చట్టం సంగతి కూడా కనుక్కున్నట్టు లేరు. ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం 2024 మే 3 నుంచి రూపాయి ఉన్న కరెన్సీ డెరివేటివ్స్, అంటే ఈ ఫ్యూచర్స్ లాంటివి, నిజంగా డాలర్లలో రావాల్సిందో కట్టాల్సిందో ఉన్నవాళ్లకే. పది కోట్ల డాలర్ల దాకా కాగితాలు చూపించక్కర్లేదు గానీ ఆ అవసరం మాత్రం నిజంగా ఉండాలి. మీవాడికి లేదు. పోనీ అని విదేశీ యాప్‌లో డబ్బు వేస్తే విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమాతో చిక్కు, అలాంటి చాలా ప్లాట్‌ఫామ్‌ల పేర్లు ఆర్‌బీఐ అలర్ట్ లిస్టులోనే ఉన్నాయి.

ఎంబీఏనా ట్రేడింగా అన్నారు, నిజానికి ఈ రెండింటికీ పోటీయే లేదు, ఎంబీఏ ఈ ఏడాదే చేరాలనీ లేదు. ఈ లెక్క వచ్చిన పిల్లాడికి బ్యాంకు ట్రెజరీలో, ఎగుమతి కంపెనీల ఫైనాన్స్‌లో పని ఉంటుంది. మీ ఊళ్లోనే మిర్చి ఎగుమతిదారులు ఉన్నారు, వాళ్లకి యాభై వేల డాలర్లు రావాల్సి ఉంటే యాభై లాట్లు అమ్మి రేటు కట్టేసుకోవచ్చు, అది నిజమైన అవసరం. ఎన్‌ఐఎస్‌ఎం కరెన్సీ డెరివేటివ్స్ పరీక్ష రాయించి అలాంటి చోట ఒక ఏడాది కూర్చోబెట్టండి. రెండు లక్షలు మాత్రం ఇప్పుడు ఇవ్వకండి.

ఈ రాత్రి ఆ షీట్ తీసి, మూడో నెల పన్నెండు లాట్ల రోజు ఏమైందో అడగండి, తిట్టకుండా.