బోర్డు మీద 50 చూపించి 40 ఇచ్చారేం?

ప్రశ్న: మా బావమరిదీ నేనూ మలక్‌పేట రేసులకి వెళ్ళి ఒకే గుర్రం మీద చెరో వెయ్యి కాశాం. నేను టోటులో కొన్నప్పుడు బోర్డు మీద 50 ఉంది. గుర్రం గెలిచాక 40 లెక్కన 4,000 చేతిలో పెట్టారు. తను బుకీ దగ్గర 4/1 కి కొని 5,000 తెచ్చుకున్నాడు. నన్ను మోసం చేశారా? ఇకమీదట బుకీ దగ్గరే కొనాలా? - అమలాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోసం ఏమీ జరగలేదండి. మీరిద్దరూ కాసింది ఒకే గుర్రం మీదైనా, కొన్న సరుకు వేరు.

టోటు అంటే రేసు క్లబ్బే నడిపే పందేల కౌంటరు. దాని బోర్డు మీద అంకె 10 రూపాయలకి ఎంత వస్తుందో చెబుతుంది, అందులో మీ 10 కూడా ఉంటుంది. బుకీ 4/1 అంటే రూపాయికి నాలుగు లాభం, మీ రూపాయి విడిగా వెనక్కి. కాబట్టి బుకీ ధరకి ఒకటి కలిపి పదితో గుణిస్తే టోటు అంకె వస్తుంది. 4/1, 50 రెండూ ఒకటే. మీరు కొన్న నిమిషంలో ఇద్దరి ధరా సమానమే. తేడా తర్వాత వచ్చింది.

టోటులో మీకు ధర ఇచ్చేవాళ్ళంటూ ఎవరూ లేరు. అందరూ కాసిన డబ్బు ఒక కుప్ప పోసి, క్లబ్బు తన కోత తీసుకుని, మిగిలింది గెలిచిన టికెట్లకి పంచుతుంది. కోత పందెం రకాన్ని బట్టి మారుతుంది, లెక్క కోసం 20 శాతం అనుకుందాం. మీరు కొన్నప్పుడు కుప్పలో 2,00,000, మీ గుర్రం మీద 32,000 ఉన్నాయనుకోండి. కోత పోగా 1,60,000. దాన్ని 32,000 తో భాగిస్తే 5, అంటే 10 కి 50. ఆఖరి నిమిషాల్లో ఇంకో 60,000 వచ్చిపడింది, అందులో 20,000 మీ గుర్రం మీదే. ఇప్పుడు కుప్ప 2,60,000, కోత పోగా 2,08,000, మీ గుర్రం మీద 52,000. భాగిస్తే 4. అదే మీ 40. పెద్ద మొత్తాలు తరచుగా గేట్లు తెరుచుకునే ముందే పడతాయి కాబట్టి బోర్డు చివర్లోనే ఎక్కువ కదులుతుంది. అది అప్పటి అంచనా మాత్రమే.

రొయ్యల రైతులకిది కొత్త కాదు. రాత్రి ఫోన్లో విన్న కౌంటు రేటు వేరు, పొద్దున్న పట్టుబడి అయ్యాక చెరువు గట్టు మీద కట్టే రేటు వేరు. బుకీ దగ్గరైతే ముందే రేటు మాట్లాడుకుని చీటీ రాయించుకున్నట్టు. తర్వాత ఆయన 4/1 ని 3/1 కి దించినా, అది తర్వాత వచ్చేవాళ్ళకే. మీ బావమరిది చీటీ మీది 4/1 మారదు. ఆ నష్టభయం బుకీది. టోటులో క్లబ్బుకి ఏ గుర్రం గెలిచినా ఒకటే, తన కోత తనకి వస్తుంది.

మరి బుకీ ఎందుకు మోస్తాడంటే, ఆయన కోత ధరల్లోనే దాగి ఉంటుంది. అయిదు గుర్రాల రేసులో 6/4, 3/1, 4/1, 4/1, 9/1 రాశాడనుకోండి. ఏది గెలిచినా 100 చెల్లించాలంటే వరసగా 40, 25, 20, 20, 10 వసూలు కావాలి, మొత్తం 115. అందులో 15 ఆయనది, అంటే వసూలైన దానిలో దాదాపు 13 శాతం. రేసుకి ముందు పలక మీద ధరలన్నీ ఇలా కూడి చూడండి. మొత్తం 125 దాటితే మన 20 శాతం టోటు కోత కన్నా బుకీయే ఖరీదు. అందుకే ఎప్పుడూ బుకీ దగ్గరే కొనమని చెప్పను.

టోటులో ఇంకో చిక్కుంది, అది చాలామంది గమనించరు. మీ డబ్బే మీ రేటుని పడగొడుతుంది. చిన్న కుప్ప, 1,00,000. ఎవరూ పట్టించుకోని గుర్రం మీద 4,000 ఉంటే బోర్డు 200 చూపిస్తుంది. ఆశపడి మీరే 4,000 కాస్తే కుప్ప 1,04,000, కోత పోగా 83,200, ఆ గుర్రం మీద 8,000. రేటు 104 కి పడిపోతుంది, ఇంకెవరూ రూపాయి పెట్టకపోయినా. పెద్ద మొత్తానికి బుకీ స్థిర ధర నయం, అదీ ఆయన అంత తీసుకుంటానంటేనే.

ఫోన్లో ‘టోటు రేటే ఇస్తాం’ అనే వాళ్ళ జోలికి మాత్రం పోకండి. మీ డబ్బు ఆ కుప్పలోకి చేరదు, వాళ్ళ జేబులోకే పోతుంది. అది చట్టవిరుద్ధం, ఎగ్గొడితే అడగడానికి మీ చేతిలో టికెట్ కూడా ఉండదు.

పై లెక్కల్లో పన్నులు కలపలేదు. పందెం పూర్తి విలువ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. వెయ్యి పందేనికి 400. గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, సెస్సు అదనం. ఓడిన పందేల నష్టాన్ని అందులోంచి తీసెయ్యనివ్వరు. మీ 4,000 కీ, మీ బావమరిది 5,000 కీ ఇదే వర్తిస్తుంది.