నాక్షత్ర దినం, సావన దినం, సౌర దినం: ఏది దేనికి?

సందేహం: మా పాప పుస్తకంలో "నాక్షత్ర దినం 23 గంటల 56 నిమిషాలు, సౌర దినం 24 గంటలు" అని ఉంది. పంచాంగం తెలిసిన మా పెదనాన్నగారు అది సౌర దినం కాదు, సావన దినం అంటున్నారు. ఎవరి మాట సరి? ఆ నాలుగు నిమిషాల తేడా వల్లే నక్షత్రాలు రోజూ ముందుగా ఉదయిస్తాయట, అదెలాగో కూడా చెప్పండి.

సమాధానం: మీ పెదనాన్నగారి మాటకు శాస్త్రం ఆధారం ఉంది. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా గడిచే కాలాన్ని మన జ్యోతిష గ్రంథాలు సావన దినం అన్నాయి. సౌర దినం అంటే వాటిలో వేరే అర్థం. సూర్యుడు రాశిచక్రంలో ఒక డిగ్రీ జరగడానికి పట్టే కాలం అది, సుమారు 24 గంటల 21 నిమిషాలు. నేటి పాఠ్యపుస్తకాల్లో సౌర దినం అనే మాట 24 గంటల రోజుకు స్థిరపడిపోయింది కాబట్టి దాన్ని తప్పని కొట్టేయను. కానీ పంచాంగ గణితం గురించి రాసేటప్పుడు సావన దినం అనే రాయాలి. లేకపోతే లెక్క మారిపోతుంది. ఎవరైనా "దినం" అని మాత్రమే రాస్తే, ఏడాదికి ఎన్ని వస్తున్నాయో చూడండి. 360 వస్తే సౌరం, 365 వస్తే సావనం, 366 వస్తే నాక్షత్రం.

ఆ ఒక్క రోజు ఎక్కువ రావడంలోనే మీ రెండో ప్రశ్నకు జవాబుంది. నక్షత్రాలతో పోల్చి చూస్తే భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అయితే ఆ లోపు భూమి తన కక్ష్యలో కూడా ముందుకు కదులుతుంది. అందువల్ల మన కంటికి సూర్యుడు నక్షత్రాల మధ్య తూర్పుకు దాదాపు ఒక డిగ్రీ జరిగినట్టు కనిపిస్తాడు. మళ్లీ సూర్యుడికి ఎదురుగా రావాలంటే భూమి ఆ డిగ్రీ కూడా అదనంగా తిరగాలి. 360 డిగ్రీలకు 24 గంటలైతే డిగ్రీకి నాలుగు నిమిషాలు. సూర్యుడి రోజువారీ జరుగుడు డిగ్రీ కన్నా కాస్త తక్కువ కాబట్టి కచ్చితమైన తేడా 3 నిమిషాల 56 సెకన్లు. మన గడియారం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, నక్షత్రమేమో తన చుట్టు ముందే ముగించి వచ్చేస్తుంది.

ఆర్యభటుడు దీన్ని లెక్కలోనే పెట్టాడు. 43,20,000 ఏళ్ల యుగంలో భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుందన్నాడు. సావన దినాలు మాత్రం 157,79,17,500. తీసివేసి చూడండి, సరిగ్గా 43,20,000 మిగులుతుంది. అంటే ఏడాదికి ఒక్క చుట్టు తేడా. ఈ అంకెలతో లెక్కగట్టినా నాక్షత్ర దినం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే వస్తుంది.

మన రైతుల కార్తెలు ఈ డిగ్రీల లెక్కే. సూర్యుడు ఒక్కో నక్షత్ర భాగంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. కార్తె మారేసరికి ఏ నక్షత్రమైనా సుమారు 53 నిమిషాలు ముందుకు వచ్చేస్తుంది. కృత్తికనే తీసుకోండి, పల్లెల్లో పిల్లలకోడి అంటాం. హైదరాబాద్‌లో అక్టోబర్ 15 ప్రాంతంలో అది రాత్రి ఎనిమిదింటికి ఉదయిస్తుంది. నెలాఖరుకు ఏడింటికి, నవంబర్ 14 ప్రాంతంలో ఆరింటికి, ఆ తర్వాత వారానికల్లా సూర్యాస్తమయంతో పాటే వచ్చేస్తుంది. చీకటి పడేసరికే తూర్పున ఉంటుంది. మే నెల కృత్తిక కార్తెలో సూర్యుడు అక్కడే ఉంటాడు కాబట్టి పిల్లలకోడి వెలుగులో కలిసిపోయి కనిపించదు.

గడియారంలోని 24 గంటలు సగటు విలువ, ఇది గుర్తుంచుకోవాలి. నడి మధ్యాహ్నం నుంచి మరుసటి నడి మధ్యాహ్నం దాకా కొలిస్తే, నిజమైన రోజు డిసెంబర్ చివర్లో 24 గంటల కన్నా అర నిమిషం దాకా ఎక్కువ, సెప్టెంబర్ మధ్యలో 20 సెకన్ల దాకా తక్కువ ఉంటుంది. భూమి కక్ష్య కాస్త కోలగా ఉండటం, అక్షం వంగి ఉండటం దీనికి కారణాలు. నాక్షత్ర దినానికి ఈ హెచ్చుతగ్గులు లేవు.

పాపతో కలిసి మీరే చూడవచ్చు. డాబా మీద ఒకేచోట కూర్చుని, ఒక నక్షత్రం పడమటి వైపు వాటర్ ట్యాంక్ అంచు వెనక ఎప్పుడు మాయమవుతుందో రాసుకోండి. తల కదిలితే లెక్క చెడుతుంది కాబట్టి కుర్చీని, కంటి ఎత్తును మార్చకండి. అయిదు రోజుల తర్వాత అది దాదాపు 20 నిమిషాలు ముందే దాక్కోవాలి. అలా రాకపోతే మీరు గురుణ్ణో శుక్రుణ్ణో చూశారేమో సరిచూసుకోండి. గ్రహాలు నక్షత్రాల మధ్య తామూ కదులుతాయి కాబట్టి వాటికి ఈ లెక్క కుదరదు.