హైదరాబాద్ కుర్రాళ్ల సంభాషణలో ఇంగ్లిష్ ఎంత?

నా కథలో పాత్రలు హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు. వాళ్ల మాటల్లో ఇంగ్లిష్ కలిపితే అతికించినట్టు ఉంటోంది. ఎలా రాయాలి?

ఇంగ్లిష్ మాటలు ఎన్ని ఉన్నా, వాక్యాన్ని నడిపేది తెలుగు క్రియ, తెలుగు ప్రత్యయాలే. "ఐ యామ్ సో టైర్డ్, నాకు నిద్ర వస్తోంది" అంటే అతుకు కనిపిస్తుంది. అదే "ఫుల్ టైర్డ్ అయిపోయాన్రా, కాల్ రేపటికి పోస్ట్‌పోన్ చేశా" అంటే పక్క సీట్లో విన్నట్టుంటుంది. ఇంగ్లిష్ మాటకి 'చేయు', 'అవు' తగిలించి, 'మేనేజర్‌కి', 'డెడ్‌లైన్‌లో' అని విభక్తులు కలపడమే మన అలవాటు.

ఎదుట ఎవరున్నారో కూడా చూడండి. అదే కుర్రాడు అమ్మమ్మ ఫోన్ చేస్తే "పని ఎక్కువైంది అమ్మమ్మా, రేపు మాట్లాడతా" అంటాడు. అయినా 'ఫోన్', 'ఆఫీసు' అలాగే ఉంటాయి. వాటిని 'దూరవాణి', 'కార్యాలయం' చేస్తే మళ్లీ కృతకమే.