వాడని కార్డుకి ఏటా 236 రూపాయలు

"సార్, మాది గాజువాక. దువ్వాడలో పాత ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది. ఆ శాలరీ అకౌంట్ ఇంకా ఉంది, కార్డు బీరువాలో పడుంది. అయినా ఏడాదికి 236, మూడు నెలలకోసారి 17.70 కట్ అవుతున్నాయి. ఎలా ఆపాలి?"

ఆ 236లో కార్డు వార్షిక రుసుము 200, మిగతా 36 దాని మీద 18 శాతం జీఎస్టీ. 17.70లో ఎస్సెమ్మెస్‌లకు 15, జీఎస్టీ 2.70. మొత్తం ఏడాదికి 306.80, అదీ మీరు ముట్టుకోని అకౌంట్‌లో! జీతం పడినన్నాళ్లూ చాలా బ్యాంకులు ఇవి మాఫీ చేస్తాయి. కొన్ని నెలలు జీతం రాకపోతే దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేస్తాయి, అప్పట్నుంచి బాదుడు మొదలవుతుంది.

కార్డు ఫీజు మీరు వాడినందుకు కాదు, కార్డు మీ పేరున ఉన్నందుకు. కాబట్టి యాప్‌లో కార్డుని ఆఫ్ చేసి పెట్టినా ఫీజు ఆగదు. బ్యాలెన్స్ సున్నా చేసేసి వదిలేద్దాం అనుకోకండి, చాలా బ్యాంకులు ఆ బాకీని రాసిపెట్టుకుని, తర్వాత ఎప్పుడో ఎవరైనా డబ్బు వేయగానే పట్టుకుంటాయి.

మీకు నేను చెప్పేది ఆ అకౌంటే మూసేయమని. కానీ ముందు ఏడాది స్టేట్‌మెంట్ తీసి, ఎల్ఐసీ ప్రీమియం, సిప్, ఈఎంఐ లాంటివి దాన్లోంచి వెళ్తున్నాయేమో చూసి కొత్త అకౌంట్‌కి మార్చుకోండి. గ్యాస్ సబ్సిడీ ఆధార్‌తో ఆ ఖాతాకే ముడిపడి ఉంటే అదీ మార్చాలి, ఇది మర్చిపోయి ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ. తర్వాత బ్రాంచ్‌లో క్లోజర్ ఫారం, కార్డు, చెక్కుబుక్కు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. బ్యాంకు మీకు కార్డు జారీ చేసిన నెల మళ్లీ వచ్చేలోపే ఈ పని చేస్తే మంచిది, ఒకసారి కట్ అయిన ఫీజు వెనక్కి రావడం కష్టం.

అకౌంట్ కావాలి, ఫీజు మాత్రం వద్దంటే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దానికి మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డుకి వార్షిక ఫీజూ ఉండదు. అయితే అదే బ్యాంకులో మీకు ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు.

ఇక కొత్త అకౌంట్‌లో ఎస్సెమ్మెస్‌లు మాత్రం ఆపొద్దండి. ఆన్‌లైన్ లావాదేవీలకు అలర్ట్ పంపాలని 2017లో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు డబ్బు లాగేస్తే, అలర్ట్ వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. ఆ మెసేజ్ లేకపోతే మీకు తెలిసేదెప్పుడు? జీఎస్టీతో కలిపి నెలకి ఆరు రూపాయల లోపే, దానికి ఖర్చు పెట్టొచ్చు.

రసీదు తీసుకున్నాక కూడా కట్ అయితే, రసీదు కాపీ జతచేసి బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.