No command తెర నుంచి బయటపడే దారి: పవర్ బటన్ కాదు, మెనూ

ప్రశ్న: మా అమ్మగారి ఫోన్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద వెల్లకిలా పడిపోయిన ఆండ్రాయిడ్ బొమ్మ, కింద No command అని వస్తోంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆరిపోయి మళ్లీ అక్కడికే వస్తోంది. దీని అర్థమేమిటండీ? ఫోటోలు పోకుండా ఎలా బయటపడాలి?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ తెర కనిపించినంత మాత్రాన ఫోన్‌లోని ఫోటోలు గానీ, వాట్సాప్ సంభాషణలు గానీ చెరిగిపోవు. ఫోన్‌లో మామూలు ఆండ్రాయిడ్‌తో పాటు రికవరీ అనే చిన్న వ్యవస్థ ఒకటి విడిగా ఉంటుంది. అప్‌డేట్ ఎక్కించడం, ఫోన్‌ను పూర్తిగా చెరిపి కొత్తదానిలా చేయడం వంటి పనులకు ఫోన్ అందులోకి వెళుతుంది. అప్పుడు చేయవలసిన పని ఏమిటన్నది misc అనే చిన్న విభాగంలో ముందే రాసిపెట్టి ఉంటుంది. రికవరీ మొదలై అక్కడ చూసినప్పుడు తనకు అప్పగించిన పని ఏదీ కనిపించకపోతే, ఆ బొమ్మను చూపించి ఊరకే నిలబడుతుంది. అప్‌డేట్ మధ్యలో విఫలమైతే సాధారణంగా అదే బొమ్మ కింద Error అని ఉంటుంది కాబట్టి, మీకు కనిపిస్తున్నది No command అన్న మాటే అయితే అది చాలావరకు ఊరట కలిగించే విషయమే.

ఇక పవర్ బటన్ పట్టుకున్నా మళ్లీ అదే తెర ఎందుకు వస్తోందన్నది తెలుసుకోవాలి. తన పని పూర్తి కాకముందే ఫోన్ ఆరిపోతే మళ్లీ తన దగ్గరకే రావాలని రికవరీ మొదలవుతూనే అదే misc విభాగంలో boot-recovery అని రాసుకుంటుంది. అప్‌డేట్ మధ్యలో బ్యాటరీ అయిపోయినా ఫోన్ పాడవకుండా చేసిన ఏర్పాటు ఇది. రికవరీ నుంచి పద్ధతి ప్రకారం బయటకు వస్తేనే ఆ రాత చెరుగుతుంది. పవర్ బటన్‌తో బలవంతంగా ఆపితే చెరగదు, అందుకని ఫోన్ తిరిగి అక్కడికే చేరుతుంది. ఎన్నిసార్లు ఆపి వెలిగించినా ఫలితం ఉండకపోవడానికి చాలా ఫోన్లలో కారణం ఇదే.

పద్ధతి ప్రకారం రావాలంటే, దాగి ఉన్న మెనూను ముందు పైకి తెప్పించాలి. బొమ్మ కనిపిస్తుండగా పవర్ బటన్‌ను నొక్కి పట్టుకోండి. దాన్ని వదలకుండానే వాల్యూమ్ పెంచే బటన్‌ను ఒక్కసారి నొక్కి వదలండి, ఆ తర్వాత పవర్ వదిలేయండి. ఇక్కడ వరుసే ముఖ్యం. రెండూ ఒకేసారి అదిమి పట్టుకుంటే మెనూ రాదు, ఎందుకంటే పవర్ నొక్కి ఉండగా వాల్యూమ్ బటన్ వదిలిన క్షణాన్నే రికవరీ సంకేతంగా తీసుకుంటుంది. పవర్‌ను మరీ ఎక్కువసేపు పట్టుకుంటే ఫోన్ రీస్టార్ట్ అయిపోతుంది కనుక ఇదంతా రెండు మూడు సెకన్లలో ముగియాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో బటన్ల కలయిక వేరుగా ఉంటుంది, మీ మోడల్ పేరుతో వెతికితే దొరుకుతుంది.

మెనూ వచ్చాక మొదటి వరుసలోనే Reboot system now ఉంటుంది. వాల్యూమ్ బటన్లతో దాని మీదకు వెళ్లి పవర్ నొక్కితే సరిపోతుంది. అదే మెనూలో Wipe data/factory reset అన్నది కూడా ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లవద్దు. నిర్ధారించమని మరోసారి అడుగుతుంది గానీ, కంగారులో ఉన్నవారు ఆ రెండో ప్రశ్నకు కూడా అవుననే నొక్కేస్తారు. బటన్లతో మెనూ తెప్పించడం అసలు కుదరకపోతే, ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపకుండా, ఏ బటనూ ముట్టుకోకుండా రెండు నిమిషాలు పక్కన పెట్టి చూడండి. గూగుల్ రాసిన మూల రికవరీలో రెండు నిమిషాలపాటు ఏ బటనూ నొక్కకపోతే తనంతట తానే పద్ధతిగా రీబూట్ అయ్యే ఏర్పాటు ఉంది. కంపెనీలు తమకు తగినట్టు మార్చుకుంటాయి కాబట్టి అన్ని ఫోన్లలోనూ ఇలా జరుగుతుందని చెప్పలేం. మెనూ ఒకసారి కనిపించాక ఈ గడువు వర్తించదు.

ఇంత చేసినా మళ్లీ మళ్లీ రికవరీకే వస్తుంటే, ముందు బటన్లను అనుమానించండి. గుంటూరులో ఉండే మా బావమరిది ఫోన్‌కు జరిగింది ఇదే. రాత్రి చార్జింగ్ లేక ఆరిపోయిన ఫోన్‌ను పొద్దున్నే ఆన్ చేస్తే ఈ బొమ్మ వచ్చింది. బ్రాడీపేటలో ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే, సాఫ్ట్‌వేర్ పోయింది, ఫ్లాష్ చేయాలి, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ ఎక్కించాలి, డేటా ఏదీ మిగలదు అన్నారట. పిల్లల చిన్నప్పటి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయని మా చెల్లెలు బాధపడుతూ విజయవాడలో నా దగ్గరకు ఫోన్ పట్టుకొచ్చింది. పైన చెప్పిన వరుసలోనే బటన్లు నొక్కినా మెనూ రాలేదు. అప్పుడు ఫోన్ పక్కవైపు పరిశీలించి చూస్తే, కొత్తగా వేసిన మందపాటి సిలికాన్ కవర్‌లో వాల్యూమ్ బటన్ మీద ఉండే ఉబ్బు కాస్త కిందకు జరిగి, వాల్యూమ్ పెంచే బటన్‌ను అదిమి ఉంచింది. ఆ మోడల్‌లో పవర్, వాల్యూమ్ అప్ కలిపి నొక్కితే రికవరీలోకి వెళుతుంది, అంటే పవర్ నొక్కిన ప్రతిసారీ రెండు బటన్లూ నొక్కినట్టే అవుతోందన్నమాట. మెనూ రాకపోవడానికీ అదే కారణం, బటన్ వదిలిన సంకేతం రికవరీకి అందడం లేదు. కవర్ తీసేశాక ఒక్క ప్రయత్నంలో మెనూ వచ్చింది, Reboot system now నొక్కగానే ఫోన్ మామూలుగా తెరుచుకుంది. ఫోటోలన్నీ ఉన్నాయి.

కవర్ తీసినా తీరు మారకపోతే బటనే లోపల ఇరుక్కుని ఉండవచ్చు. నొక్కినప్పుడు టిక్కుమన్న స్పర్శ వేలికి తెలియాలి, మెత్తగా దిగిపోయి అక్కడే ఉండిపోతే బటన్ లోపమే. మెనూలో మీరేమీ నొక్కకుండానే ఎంపిక గీత తనంతట తాను పైకో కిందకో కదులుతుంటే కూడా అదే అర్థం. అప్పుడు రిపేరు దుకాణంలో బటన్ పట్టీ మార్చమని మాత్రమే అడగండి, ఫ్లాష్ చేయించవద్దు.

బటన్లు బాగానే ఉన్నా ఆండ్రాయిడ్ తెరుచుకోలేని పరిస్థితి వేరు. ఆండ్రాయిడ్ 8 నుంచి, వ్యవస్థ పదేపదే కూలిపోతే ఫోన్ రికవరీకి వచ్చి Can't load Android system అనే వాక్యంతో పాటు Try again, Factory data reset అనే రెండు దారులు చూపిస్తుంది. అక్కడ ముందుగా Try again ఎంచుకోండి. కుదరకపోతే, కంపెనీ తన మోడల్‌కు పూర్తి అప్‌డేట్ ఫైల్‌ను బయటకు ఇస్తుంటే దాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని, రికవరీ మెనూలో Apply update from ADB ఎంచుకుని, ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, అక్కడ adb అనే గూగుల్ సాధనంతో కింది ఆదేశం ఇవ్వవచ్చు. అందులో ota.zip ఉన్నచోట మీరు దించుకున్న ఫైల్ పేరు రాయాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు ఇలాంటి ఫైళ్లు అధికారికంగా దొరుకుతాయి, ఈ పద్ధతిలో డేటా చెరగదు.

```
adb sideload ota.zip
```

చెరపడం ఒక్కటే మార్గంగా మిగిలితే, ఆ ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అమ్మగారికి గుర్తుందో లేదో ముందే కనుక్కోండి. రికవరీ నుంచి చెరిపిన ఫోన్ తిరిగి మొదలయ్యాక ఆ ఖాతాతోనో, పాత స్క్రీన్ లాక్‌తోనో లోపలికి రమ్మంటుంది. ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లో ఎంతవరకు చేరాయో కూడా అదే పాస్‌వర్డ్‌తో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. ఇప్పటి ఫోన్లలో డేటా గుప్తీకరించి ఉంటుంది, చెరిపినప్పుడు దాన్ని తెరిచే తాళంచెవులు కూడా పోతాయి కనుక ఆ తర్వాత ఫోన్‌లోని ఫోటోలను వెనక్కి తేవడం ఏ దుకాణానికీ సాధ్యం కాదు.