తిరుపతిలో అద్దె సైకిళ్ల షాపుకి ఏం పేరు పెట్టాలి?

ప్రశ్న: తిరుపతిలో సైకిళ్లు, ఎలక్ట్రిక్ బైకులు అద్దెకిచ్చే షాపు పెడుతున్నాను. యాత్రికులకీ, రోజూ పనికి వెళ్లేవాళ్లకీ నచ్చేలా ఒక మంచి పేరు చెప్తారా?

ముందు దేవుడి పేరు పక్కన పెట్టండి. శ్రీవారి, బాలాజీ, గోవింద, ఏదీ వద్దు. మా ఊళ్లో టిఫిన్ సెంటర్ బాలాజీ, జిరాక్స్ బాలాజీ, పంక్చర్ షాపూ బాలాజీయే. "బాలాజీ దగ్గరున్నా, వచ్చెయ్" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఎక్కడికని పోతాం?

మా బామ్మర్ది రైల్వే స్టేషన్ దగ్గర ఇదే వ్యాపారం పెట్టాడు. "శ్రీవారి" అని మొదలయ్యే పేరు, పసుపు బోర్డు, దాని మీద నామాలు. ఒక సాయంత్రం నేను షాపులో ఉండగా కోనసీమ నుంచి ఓ పెద్దాయన మనవళ్లతో వచ్చాడు. పిల్లలు కపిలతీర్థం దాకా వెళ్లొస్తామని రెండు సైకిళ్లు తీసుకున్నారు. తిరిగొచ్చాక డబ్బులడిగితే ఆయన తెల్లబోయాడు. "అదేంటండీ, ధర్మరథం ఊరికే కదండీ, దీనికి డబ్బులేంటండీ?" కొండ మీద ఉచితంగా తిరిగే ధర్మరథం బస్సుల్లాగే ఇవీ దేవస్థానం వాళ్లవే అనుకున్నాడు పాపం. గదుల కౌంటర్లో అడిగినట్టే ఇక్కడా ఆధార్ అడిగేసరికి ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

సరే, ఎలాగో నచ్చజెప్పాం. మనవడు ఫోన్ తీసి స్కాన్ చేశాడు. స్క్రీన్ మీద షాపు పేరు లేదు, మా బామ్మర్ది సొంత పేరు వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. "స్వామివారి పేరు చెప్పి సొంత ఖాతాలో వేసుకుంటున్నారా?" అని ఆయన గొంతు పెంచాడు, దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అందులో ఇద్దరు అప్పుడే సైకిల్ తీసుకుందామని వచ్చినవాళ్లు, అటునుంచి అటే పోయారు. అందుకే చెప్తున్నా, పేరు ఖాయం కాగానే అదే పేరుతో కరెంట్ అకౌంట్ తెరిచి, వ్యాపారుల క్యూఆర్ తీసుకోండి. బోర్డు మీదా స్క్రీన్ మీదా ఒకటే పేరు కనపడాలి. యాత్రకి వచ్చినవాళ్లు ఆటో రేట్ల దెబ్బ తిని, ఎవరు మోసం చేస్తారో అని ముందే టెన్షన్‌గా ఉంటారు.

పవిత్రమైన పేరు మీద మీకు హక్కు దొరకడమూ కష్టమే. అగరుబత్తులకి 'రామాయణ్' అనే పేరును ఒకరు సొంతం చేసుకోబోతే, 2015లో సుప్రీంకోర్టు కుదరదంది. 'తిరుపతి సైకిల్ రెంటల్స్' లాంటిదీ అంతే. ఊరి పేరు, పని పేరు కలిపితే ఎవరైనా పెట్టుకోవచ్చు, రేపు పక్కవీధిలో ఇంకొకడు పెడతాడు.

ఇక 'హిల్', 'కొండ', 'సెవెన్ హిల్స్' కూడా వద్దు. ఆ మాట కనపడితే ప్రతివాడూ "అలిపిరి ఘాట్ ఎక్కుతుందా?" అంటాడు. 250 వాట్లలోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లలోపు వేగం ఉండి, నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన బండికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. నిజమే, కానీ మనిషిని ఎక్కించుకుని ఆ ఘాట్ ఎక్కే దమ్ము దానికి ఉండదు. ఆ వాట్ల, వేగం పరిమితి దాటిన బండి మోటారు వాహనం కింద లెక్క. దాన్ని అద్దెకివ్వాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. మీవి చిన్న మోటారువైతే పేరులో 'బైక్' కూడా పెట్టకండి. మనవాళ్లకి బైక్ అంటే పల్సరే, లైసెన్స్ లేనివాళ్లు బోర్డు చూసి లోపలికే రారు.

'యాత్ర', 'టూర్' పెడితే యూనివర్సిటీ పిల్లలు, రుయా ఆసుపత్రి స్టాఫ్ అది తమకి కాదనుకుంటారు. నెలవారీ పాస్ కట్టి, వాన నెలల్లోనూ షాపుని నిలబెట్టేది వాళ్లే.

మీ కస్టమర్లలో సగం మందికి తెలుగు రాదని కూడా గుర్తుంచుకోండి. మా వాడు పేరు మార్చాలనుకుని 'గాలిబండి' అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! కానీ తమిళంలో గ, క రెండింటికీ ఒకటే అక్షరం, కాబట్టి వాళ్లు 'కాలి' అని చదువుతారు, అంటే ఖాళీ. హిందీవాళ్లకి గాలీ అంటే బూతు. వదిలేశాం.

నన్నడిగితే చప్పుడు మీద పేరు పెట్టమంటాను. చప్పుడుకి భాష అక్కర్లేదు. మైసూరులో 2017లో మొదలైన అద్దె సైకిళ్లకి 'ట్రిన్ ట్రిన్' అని బెల్లు చప్పుడే పేరుగా పెట్టారు. అది వాళ్లది, మీరు 'రయ్ రయ్' చూడండి. కింద చిన్నగా 'సైకిల్ అద్దెకు' అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీలో రాయించండి. ఇంగ్లీషులో Rai, Ray, Rayy అని ఎలాగైనా రాయొచ్చు గనక, ఒకటి ఎంచుకుని బోర్డు, మ్యాప్, క్యూఆర్ అన్నిట్లో అదే పెట్టండి. పెయింటర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు ట్రేడ్‌మార్క్ సైట్‌లో, బళ్లు అద్దెకిచ్చే వ్యాపారాలు వచ్చే 39వ క్లాసు కింద ఆ పేరు ఎవరైనా తీసుకున్నారేమో వెతకండి. వెతకడానికి డబ్బులేమీ అడగరు.